"100% బయోడిగ్రేడబుల్" కవరు ఎనిమిది నెలలైనా డ్రమ్ములో చెక్కుచెదరలేదు. ఎందుకు?

మిద్దెతోట_రమ
పోయిన దసరాకి మా మిద్దె మీద కంపోస్ట్ డ్రమ్ములో తడి చెత్తతో పాటు రెండు రకాల కవర్లు వేశాను. ఒకటి మా వీధి చివర కూరగాయల కొట్టులో ఇచ్చే పల్చటి ఆకుపచ్చ కవరు. దాని మీద ఆకు బొమ్మ, "100% బయోడిగ్రేడబుల్" అని పెద్ద అక్షరాలు, మూలన బాణాల త్రికోణంలో 4 అంకె. రెండోది డస్ట్‌బిన్ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. దాని మీద "కంపోస్టబుల్, ఐఎస్/ఐఎస్ఓ 17088" అని, తయారీదారు పేరు, ఏదో సర్టిఫికెట్ నంబరు ఉన్నాయి.

నిన్న డ్రమ్ము బోర్లించి జల్లెడ పట్టాను. మొదటి కవరు కడిగి ఆరేస్తే మళ్లీ టమాటాలు తెచ్చుకోవచ్చు, అక్షరాలు కూడా చెదరలేదు. రెండోది నీళ్లలో నానిన అప్పడంలా ఉంది, పట్టుకుంటే ఊడొస్తోంది, కానీ మాయమైతే కాలేదు. ఇద్దరూ మోసగాళ్లేనా? త్రికోణం ఉంది కాబట్టి కనీసం రీసైకిల్ అయినా అవుతుందని ధైర్యంగా తీసుకున్నాను.

గుంటూరుఘాటు
ఆకు బొమ్మ ఉంటే ఆకులాగే కుళ్లిపోతుందని నమ్మారా అక్కా. మా కారప్పొడి ప్యాకెట్ మీద సింహం బొమ్మ ఉంది మరి.

అటకమీదసామాన్లు
అంకెల సంగతి నాకు తెలుసు. 1, 2, 5 మంచివి, 3, 6, 7 చెడ్డవి. 4 మధ్యస్తం. మా ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ కింద 7 ఉంది. ఆ నీళ్లు తాగొచ్చా?

పాలిమర్_పంతులు
క్యాన్ ప్రశ్న వేరే పోస్టుగా వేయండి, ఇక్కడ కలిపితే గందరగోళం. 7 అంటే చెడ్డది అని కాదు, "మిగతావన్నీ" అని. మీ క్యాన్ పాలికార్బొనేట్ అయ్యుండొచ్చు. జ్యూస్ కొట్లో ఇచ్చే మొక్కజొన్న గ్లాసు కూడా 7లోకే వస్తుంది. రెండిటికీ బంధుత్వం లేదు.

రమ గారూ, మీరు వేసిన రెండు కవర్లూ ఒకే కేసు కాదు, విడివిడిగా చూద్దాం. ముందు 4. ఈ అంకెల్ని 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం పెట్టింది. చెత్త వేరు చేసేవాళ్లకి ఇది ఏ రకం ప్లాస్టిక్‌తో చేసిందో తెలియడం కోసమే. "దీన్ని రీసైకిల్ చేస్తాం" అనే హామీ అందులో ఎప్పుడూ లేదు. బాణాలు చూసి జనం అలాగే అనుకుంటున్నారని 2013లో ఆ ప్రమాణంలో బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టారు. మన దగ్గర అచ్చులు, ప్రింటింగ్ బ్లాకులు పాతవే నడుస్తున్నాయి.

4 అంటే ఎల్‌డీపీఈ, అంటే మామూలు పాలిథిన్. మీ ఆకుపచ్చ కవరు తన కులగోత్రాలు తానే మూలన రాసుకుంది, పైన ఆకు బొమ్మ వేసుకుంది. రెండూ ఒకేసారి నిజం కావు.

మిద్దెతోట_రమ
అమ్మో. మరి రెండోది? అది అసలైనదైతే ఎనిమిది నెలల్లో ఎందుకు పోలేదు?

పాలిమర్_పంతులు
మీ డ్రమ్ములో వేడి ఎంత ఉంటుంది? ఎప్పుడైనా చూశారా?

మిద్దెతోట_రమ
వంటింటి థర్మామీటర్ గుచ్చి చూశాను ఒకసారి, పెరుగు తోడేయడానికి కొన్నది. కొత్తగా చెత్త వేసిన మూడో రోజు మధ్యలో 44 వచ్చింది. తర్వాత వారానికి బయట ఎంతో లోపలా అంతే.

పాలిమర్_పంతులు
అక్కడే ఉంది విషయం. 17088 పరీక్ష 58 డిగ్రీల దగ్గర చేస్తారు, రెండు డిగ్రీలు అటూ ఇటూ, నెలల తరబడి అదే వేడి, సరిపడా తడి, గాలి. పన్నెండు వారాల తర్వాత రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పైన మిగిలింది వేసిన దాంట్లో పదో వంతు దాటకూడదు. ఇంకో పరీక్షలో ఆరు నెలల్లోపు అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. అంటే ముక్కలైతే చాలదు, సూక్ష్మజీవులు తినేయాలి.

ఈ 58 ఊరికే పెట్టింది కాదు. ఇలాంటి కవర్లలో తరచూ పీఎల్ఏ ఉంటుంది, ఆ మొక్కజొన్న గ్లాసులు చేసే ప్లాస్టిక్కే. అది 55-60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అప్పుడే నీళ్లు దాని గొలుసుల్లోకి దూరి తెంపుతాయి, ఆ ముక్కల్ని సూక్ష్మజీవులు తింటాయి. 44 దగ్గర ఆ పని నత్తనడకే. మీ కవరు మోసం చేయలేదు, మీ డ్రమ్ము మున్సిపాలిటీ కంపోస్ట్ యార్డు కాదు, అంతే. "కంపోస్టబుల్" పక్కన "యార్డులో మాత్రమే" అని పెద్దక్షరాలతో ఉండాల్సింది.

బెజవాడ_బుజ్జి
మా మిద్దె మీద మే నెలలో వేయండి, 58 ఏంటి, కవరుతో పాటు డ్రమ్ము కూడా కంపోస్ట్ అవుతుంది.

పాలిమర్_పంతులు
నవ్వినా, చాలామంది నిజంగానే అడుగుతారు. ఎండకి డ్రమ్ము గోడ కాలుతుంది, కానీ లోపల ఎండిపోతుంది. తడి లేకపోతే సూక్ష్మజీవులు పడుకుంటాయి. రాత్రికి మళ్లీ చల్లబడుతుంది. ఆగకుండా వేడి కావాలంటే పెద్ద కుప్ప కావాలి. మనిషెత్తు పేడ, చెత్త కుప్ప మధ్యలో 60 దాటుతుంది, వంద లీటర్ల డ్రమ్ములో ఆ వేడి నిలవదు.

బే_ఏరియా_బుల్లోడు
ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటిదే చేశారు, 2019లో వచ్చింది. కవర్లు మట్టిలో పాతిపెట్టి మూడేళ్ల తర్వాత తీస్తే "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉన్న కవరులో సరుకులు మోయగలిగారు. కంపోస్టబుల్ కవరు సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది కానీ, మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది. కాకపోతే బరువు వేస్తే చిరిగిపోయింది. రమ గారి నానిన అప్పడం అదే అనుకుంటా.

మా కాలిఫోర్నియాలో అయితే ప్లాస్టిక్ వస్తువు మీద "బయోడిగ్రేడబుల్" అనే మాట వేయడమే చట్టవిరుద్ధం. ఆ మాటకి అర్థం లేదని తేల్చేశారు.

కాకినాడ_కాజా
పంతులు గారితో ఒక విషయంలో ఒప్పుకోను. మా అటక మీద పెట్టిన ఆకుపచ్చ కవరు రెండేళ్లకి ముట్టుకుంటే రవ్వలా రాలిపోయింది. కిటికీ ఎండ పడే చోటు. అది పాలిథిన్ అయితే అలా పొడి అవుతుందా? 4 అంకె ఉన్నా అందులో ఏదో మంచి మందు కలిపే ఉంటారు.

పాలిమర్_పంతులు
సగం కరెక్టే. మందు కలిపి ఉండొచ్చు. పాలిథిన్‌లో కోబాల్ట్, మాంగనీస్, ఇనుము లాంటి లోహాల లవణాలు కొద్దిగా కలిపితే ఎండకి, గాలికి త్వరగా పెళుసెక్కుతుంది. ఆక్సో రకం అంటారు. మన "బయోడిగ్రేడబుల్" కవర్లలో ఈ బాపతు చాలా తిరిగింది. అయితే మీ అటక మీద రాలిన రవ్వని ఎవరు తిన్నారు? చీపురుతో ఊడ్చారు కదా. కవరు ఎంత బరువో ఆ రవ్వా ఇంచుమించు అంతే. ఒక పెద్ద కవరుకి బదులు లక్ష చిన్న కవర్లు తయారయ్యాయి. అందుకే యూరప్‌లో 2021 జూలై నుంచి ఆక్సో ప్లాస్టిక్ వస్తువులు అమ్మకుండా ఆపేశారు. రమ గారి డ్రమ్ములో చీకటి, ఎండ తగల్లేదు, అందుకే అది పొడి కూడా కాలేదు.

ఇంకో మాట. మందు లేని మామూలు పాలిథిన్ కూడా ఎండలో రెండేళ్లుంటే పెళుసెక్కుతుంది. కాబట్టి మీది ఏదో ఇక్కడ కూర్చుని చెప్పలేను.

కాకినాడ_కాజా
ఊడ్చింది మా ఆవిడ. అప్పుడు కూడా ఇదే అడిగింది.

స్క్రాప్_సీను
మాది మూడు తరాల పాత సామాన్ల కొట్టు. అంకె చూసి వేరు చేసేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మా దగ్గర పనిచేసే అక్కలు చేత్తో నలిపి, చప్పుడు విని చెప్పేస్తారు. గలగలమంటే హెచ్‌ఎం అనే గట్టి రకం పాలిథిన్, మెత్తగా సాగితే ఎల్‌డీ. అనుమానం వస్తే నీళ్ల తొట్టిలో వేస్తాం. పాలిథిన్, పీపీ తేలతాయి, పెట్ బాటిల్ ముక్క, పీవీసీ మునుగుతాయి.

ఈ కంపోస్టబుల్ కవర్లు మాకు పెద్ద తలనొప్పి. చూడ్డానికి, పట్టుకోవడానికి ఎల్‌డీలాగే ఉంటాయి. రెండేళ్ల కిందట ఒక లోడు ఎల్‌డీ కవర్లు ఉతికి, ఆరబెట్టి, కరిగించి దానా గింజలు చేయడానికి పంపిస్తే ఫ్యాక్టరీవాడు తిప్పి పంపాడు. ఫిల్మ్ ఊదుతుంటే చేపకళ్లలాంటి గడ్డలు పడుతున్నాయి, సాగదీస్తే అక్కడే చిరుగుతోంది అన్నాడు. మధ్యలో ఏదో ఫంక్షన్ హాల్ నుంచి వచ్చిన ఈకో కవర్ల మూట కలిసిందని తర్వాత తెలిసింది. లోడు మొత్తం తక్కువ రేటుకి పైపులవాడికి పోయింది. మీరు మంచి పని అనుకుని వాడింది మా దగ్గర పని చెడగొడుతోంది, అది కూడా రాసుకోండి.

పాలిమర్_పంతులు
సీను అన్న చెప్పింది నిజం. పాలిథిన్, కంపోస్టబుల్ కవర్లలో ఉండే పాలిఎస్టర్ రకాలు నూనె, నీళ్లలాంటివి. కరిగించి కలిపినా కలవవు. మొక్కజొన్న గ్లాసుల గొడవ ఇంకొకటి. అవి చూపుకి పెట్‌లాగే ఉంటాయి, నీళ్లలో రెండూ మునుగుతాయి, తొట్టితో వేరు చేయలేం. పెట్ ముక్కల్ని కరిగించే ముందు 160 డిగ్రీల దాకా వేడి చేసి ఆరబెడతారు. పీఎల్ఏ ఆ వేడికే కరిగి ముద్ద కడుతుంది.

శ్రీవారిప్రసాదం_72
మరి తిరుమలలో 2021లో లడ్డూలకి డీఆర్‌డీఓ సంచులు పెట్టారు కదా, మొక్కజొన్న పిండితో చేసినవి. అవి కూడా ఉత్తివేనా? పిండి అంటే మొక్క నుంచి వచ్చిందే, కుళ్లిపోవాలి కదా.

పాలిమర్_పంతులు
ఉత్తివని నేను అనను. కానీ "మొక్క నుంచి వచ్చింది కాబట్టి కుళ్లుతుంది" అన్న దగ్గరే అందరూ జారిపడతారు. పిండి ఒక్కటే అయితే కవరు తడికి ఆగదు. సాగడానికి, అతకడానికి ఇలాంటి కవర్లలో మామూలుగా పీబీఏటీ అనే పదార్థం కలుపుతారు. ఎక్కువ భాగం అదే ఉంటుంది. ఆ పీబీఏటీ ఇప్పటికీ చాలావరకు పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు తింటాయి. ఇటు చూస్తే, బ్రెజిల్‌లో చెరకు నుంచి సారాయి, సారాయి నుంచి ఇథిలీన్ తీసి పాలిథిన్ చేస్తున్నారు. అది పూర్తిగా మొక్క నుంచి వచ్చిందే, కానీ రమ గారి ఆకుపచ్చ కవరుకి అన్నదమ్ము, అణువులో తేడా లేదు. నూరేళ్లయినా డ్రమ్ములో పడుంటుంది. రెండిటి మీదా "బయో" అని రాస్తారు. ఒకదానిలో అది పుట్టుక, ఇంకోదానిలో చావు.

గుంటూరుఘాటు
పుట్టుక చెరకు, చావు లేదు. ఇది మా మేనమామ ఆస్తి కేసులా ఉంది.

జ్యూస్‌షాప్_జానీ
అందరూ కొట్టువాళ్లని తిడుతున్నారు, మా బాధ వినండి. 2022 చివర నుంచి కవరు 120 మైక్రాన్లు ఉండాలన్నారు. అంత మందం కవరు పది రూపాయల అరటిపండ్లకి ఇస్తే ఏం మిగులుతుంది? కంపోస్టబుల్ అయితే మందం రూలు లేదు, పల్చగా ఉన్నా పర్లేదు అని సప్లయర్ చెప్పాడు. అందుకే రేటు ఎక్కువైనా అవే కొంటున్నాను. నా కవరు మీద 17088 అని స్పష్టంగా ఉంది. సీను అన్న తొట్టి పరీక్ష ఇప్పుడే చేశాను, బకెట్‌లో మునిగింది. అంటే నాది అసలైనదే కదా?

మిద్దెతోట_రమ
నేనూ చేశాను. గోరంత ముక్కలు కత్తిరించి, గాలి బుడగలు అంటుకోకుండా గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి. ఆకుపచ్చది తేలింది. డస్ట్‌బిన్‌ది మునిగింది. పంతులు గారు చెప్పినట్టే.

స్క్రాప్_సీను
జానీ తమ్ముడూ, కవరు సాగదీసి చూడు. తెల్లటి గీతలు వస్తున్నాయా? నలిపితే కాగితంలా చప్పుడు వస్తోందా?

జ్యూస్‌షాప్_జానీ
సాగదీస్తే తెల్లబడుతోంది అన్నా. చేతికి సున్నం తగిలినట్టు పొడిగా ఉంది.

పాలిమర్_పంతులు
సీను అన్న అనుమానం నాకూ ఉంది. పాలిథిన్ సాంద్రత 0.92, అందుకే తేలుతుంది. చవకగా అవుతుందని అందులో సుద్దపొడి కలుపుతారు, దాని సాంద్రత 2.7. లెక్క వేస్తే బరువులో నూటికి 12-13 పాళ్లు సుద్ద ఉంటే చాలు, కవరు నీళ్లకన్నా బరువెక్కి మునుగుతుంది. 30 పాళ్లు వేస్తే 1.15కి చేరుతుంది, అసలైన కంపోస్టబుల్ 1.25 చుట్టుపక్కల. బకెట్ నీళ్లలో రెండూ ఒకేలా అడుగుకి పోతాయి. కాబట్టి తేలితే అబద్ధం అని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు, మునిగితే మాత్రం నిజం అని చెప్పలేం.

బెజవాడ_బుజ్జి
కాల్చి చూస్తే పోలా? కొవ్వొత్తి వాసన వస్తే పాలిథిన్.

పాలిమర్_పంతులు
ఇంట్లో కాల్చొద్దు. పీవీసీ అయితే ఆ పొగ గొంతు కోస్తుంది. అయినా కాల్చాక తెల్ల బూడిద మిగిలి, వెనిగర్ వేస్తే బుసబుసమంటే సుద్ద ఉందని మాత్రమే తెలుస్తుంది. కొందరు అసలైన కంపోస్టబుల్‌లో కూడా కొంత సుద్ద వేస్తారు. అప్పుడేమంటావు?

ల్యాబ్‌లో మేం చేసేది సులువు. ముక్కని డైక్లోరోమీథేన్‌లో వేస్తాం. పీబీఏటీ, పీఎల్ఏ కరిగిపోతాయి, పాలిథిన్ ముక్కలా మిగులుతుంది. ఇంకా ఖాయం కావాలంటే ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో పెడతాం. వచ్చే గ్రాఫులో 1715 దగ్గర నిటారుగా ఒక గీత లేస్తే ఎస్టర్ ఉన్నట్టు, అంటే పీబీఏటీ. అక్కడ చదునుగా ఉండి, 2900 దగ్గర జంట గీతలు, 720 దగ్గర ఒకటి ఉంటే పాలిథిన్. ఐదు నిమిషాల పని. ఆ ద్రావకం మాత్రం ఇళ్లలో వాడేది కాదు, తెచ్చుకోవద్దు. హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్రం వాళ్ల ప్లాస్టిక్ సంస్థ సీపెట్‌లో పరీక్షలు చేస్తారు, కానీ ఒక్క కవరు కోసం ఎవరు వెళ్తారు.

నీకు పైసా ఖర్చు లేని దారి ఇంకొకటి ఉంది. కంపోస్టబుల్ అమ్మాలంటే తయారీదారుకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. కవరు మీద పేరు, నంబరు వేయాలి. ఆ జాబితా మండలి వెబ్‌సైట్‌లో ఉంటుంది. నీ కవరు మీద నంబరు ఎంత?

జ్యూస్‌షాప్_జానీ
17088.

పాలిమర్_పంతులు
అది ప్రమాణం నంబరు, అందరికీ ఒకటే. సర్టిఫికెట్ నంబరు అడుగుతున్నాను.

జ్యూస్‌షాప్_జానీ
వేరే నంబరేమీ లేదండీ. కంపెనీ పేరు కూడా లేదు. ఆకు బొమ్మ, ఆవు బొమ్మ ఉన్నాయి.

గుంటూరుఘాటు
ఆవు తింటుందని హింట్ ఇచ్చారేమో.

అటకమీదసామాన్లు
బయోడిగ్రేడబుల్ అని రాసుకుంటే ఇండియాలో అడిగేవాళ్లు లేరా?

బే_ఏరియా_బుల్లోడు
2024లో రూల్స్ మార్చారు కదా? మైక్రోప్లాస్టిక్ మిగలకుండా కుళ్లితేనే బయోడిగ్రేడబుల్ అనాలని, ఎన్ని రోజుల్లో, ఎక్కడ అన్నది కూడా లేబుల్ మీద వేయాలని.

పాలిమర్_పంతులు
అవును. మట్టిలోనా, నీళ్లలోనా, ఎన్ని రోజులు అని లేకుండా ఉత్త "100%" కనిపిస్తే అక్కడే అనుమానించాలి. దేంట్లో 100 శాతం?

పచ్చడిజాడీ_ప్రమీల
నాకో సందేహం. రమ వాడే డస్ట్‌బిన్ కవరు అసలైనదే అనుకుందాం. మా కాలనీలో చెత్త బండివాళ్లు తడి చెత్త కవరు ఏదైనా చించి, చెత్త ఒకవైపు, కవరు ఇంకోవైపు విసిరేస్తున్నారు. వాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? అది 58 డిగ్రీల కుప్ప దాకా వెళ్లేది ఎప్పుడు? నేనైతే పాత న్యూస్‌పేపర్ వేసి, బుట్ట కడుక్కుంటున్నాను.

మ్యూనిక్_మురళి
జర్మనీలో కూడా చాలా ఊళ్లు తడి చెత్త డబ్బాలో కంపోస్టబుల్ కవర్లు వద్దంటాయి. యార్డుల్లో చెత్త కొన్ని వారాలే ఉంచుతారు, కవరు ఆ లోపు పోదు, ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేయాల్సి వస్తుంది అంటారు.

పాలిమర్_పంతులు
ప్రమీల గారి ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. తడి చెత్తని నేరుగా పెద్ద యార్డుకి తీసుకెళ్లే హోటల్, క్యాంటీన్, గుడి లాంటి చోట అసలైన కంపోస్టబుల్‌కి అర్థం ఉంది. ఇళ్లకి ఉందా అంటే మా ల్యాబ్‌లోనే రోజూ వాదులాట.

స్క్రాప్_సీను
నన్నడిగితే మందం పాలిథిన్ కవరే మేలు. కనీసం నేను కొంటాను.

పచ్చడిజాడీ_ప్రమీల
నువ్వు కొనేది మురికి లేనిది. మా ఇంటి చేపల నీసు అంటిన కవరు కొంటావా సీనూ?

స్క్రాప్_సీను
అది వద్దమ్మా.

మిద్దెతోట_రమ
అప్పడం కవరు ముక్కల్ని ఏం చేయను? మళ్లీ డ్రమ్ములో వేయనా?

పాలిమర్_పంతులు
వేయండి, చిన్న ముక్కలు చేసి, కొత్త చెత్త మధ్యలో. పీబీఏటీ ఎక్కువ ఉంటే మెల్లగా పోతుంది. వచ్చే దసరాకి జల్లెడ పట్టి చెప్పండి. ఆకుపచ్చది మాత్రం తీసేయండి.

జ్యూస్‌షాప్_జానీ
సప్లయర్‌కి ఫోన్ చేశాను. సర్టిఫికెట్ పంపమంటే గంటకి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. అందులో వేరే రాష్ట్రం కంపెనీ పేరు ఉంది, నా బిల్లు మీద ఉన్న పేరు కాదు. అదేంటి అంటే, "కేజీకి ఇరవై తగ్గిస్తాను, ఆ కాగితం గొడవ ఎందుకు అన్నా" అన్నాడు. ఇంకా పదకొండు కేజీల కవర్లు ఉన్నాయి నా దగ్గర. సీను అన్నా, సుద్ద కలిసినవి ఏ రేటుకి తీసుకుంటావు?

స్క్రాప్_సీను
ముందు ఒక కవరు తీసుకురా, చూసి చెప్తా.